విషయం: అమ్మ మోకాలి ఆపరేషన్ - జూన్ 8 నుంచి 19 వరకు సెలవు కోసం

మాధవి గారికి,

నమస్కారం.

మా అమ్మకు జూన్ 9, మంగళవారం మోకాలి మార్పిడి ఆపరేషన్ చేస్తామని డాక్టర్ తేదీ ఇచ్చారు. ఆమెను దగ్గరుండి చూసుకోవడానికి జూన్ 8, సోమవారం నుంచి జూన్ 19, శుక్రవారం వరకు పది పని దినాలు సెలవు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. నా ఖాతాలో 12 ఎర్న్‌డ్ లీవ్‌లు ఉన్నాయి, వాటిలోంచే తీసుకుంటాను.

ఏడాదిగా మందులతో, వ్యాయామంతో నెట్టుకొచ్చాం. ఇప్పుడు అమ్మ మెట్లు దిగాలంటే గోడ పట్టుకుని, వెనక్కి తిరిగి ఒక్కో మెట్టూ దిగుతోంది. ఇంకా ఆలస్యం చేయడం మంచిది కాదని డాక్టర్ చెప్పారు. ఆపరేషన్ అయ్యాక నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండాలి. ఇంటికి వచ్చాక వాకర్‌తో నడిపించడం, రోజూ ఫిజియోథెరపీ చేయించడం, మంచం మీద నుంచి లేపి బాత్రూమ్‌కు తీసుకెళ్లడం అన్నీ ఒకరు పక్కనుండి చూసుకోవాలి. నాన్నగారికి నడుము నొప్పి, ఆయన పట్టుకుని లేపలేరు. ఇంట్లో ఇంకెవరూ లేరు.

పని విషయానికొస్తే, మే నెల క్లోజింగ్ జూన్ 5 కల్లా పూర్తి చేసి వెళ్తాను. సప్లయర్ల బిల్లుల్లో ప్రస్తుతం 14 పెండింగ్‌లో ఉన్నాయి. పన్నెండు నేనే పాస్ చేసేస్తాను. మిగతా రెండింటిలో బిల్లు మొత్తం పర్చేజ్ ఆర్డర్‌తో కలవడం లేదు, సప్లయర్ల నుంచి సవరించిన బిల్లులు రావాలి. ఆ రెండూ, రోజువారీ చెల్లింపులూ కిరణ్ గారు చూసుకుంటానన్నారు. వచ్చే బుధ, గురువారాల్లో ఆయనతో కూర్చుని అన్నీ వివరంగా అప్పగిస్తాను. ఏ ఫైల్ ఎక్కడుందో, ఏ సప్లయర్‌తో ఎవరు మాట్లాడాలో రాసిన షీట్ షేర్డ్ ఫోల్డర్‌లో పెడుతున్నాను.

ఆపరేషన్ రోజు, ఆ మర్నాడు ఫోన్ ఎత్తడం కుదరకపోవచ్చు. మిగతా రోజుల్లో అత్యవసరమైతే సాయంత్రం 4 తర్వాత కాల్ చేయవచ్చు.

పది రోజులు ఒకేసారి ఇవ్వడం కష్టమైతే, మొదటి వారం మాత్రం పూర్తి సెలవు తప్పనిసరిగా కావాలి. రెండో వారం ఇంటి నుంచి రోజుకు నాలుగు గంటలు పని చేయగలను. మన టీమ్‌లో ఇప్పటికే ఒకరు సెలవులో ఉన్నారని తెలుసు, అందుకే ఈ మార్గం కూడా ఆలోచించాను.

అడ్మిషన్ తేదీ ఖాయం చేయమని ఆసుపత్రి వాళ్లు అడుగుతున్నారు. ఈ శుక్రవారంలోగా మీ నిర్ణయం తెలియజేస్తే వాళ్లకు చెప్పేస్తాను. మీరు సరేనన్న వెంటనే పోర్టల్‌లో అప్లై చేస్తాను. డాక్టర్ ఇచ్చిన లెటర్ జతచేశాను.

ధన్యవాదాలతో,
సుధ
సీనియర్ అకౌంటెంట్, ఫైనాన్స్ విభాగం

జత: ఆపరేషన్ తేదీ ఉన్న డాక్టర్ లెటర్