మీ ఫిర్యాదుపై విచారణ ముగిసేవరకు తాత్కాలిక రక్షణ ఏర్పాట్లు

గోప్యం: చిరునామాదారు మాత్రమే తెరవాలి

మానవ వనరుల విభాగం,
జీడిమెట్ల యూనిట్, హైదరాబాద్.
14 జులై 2025

స్వాతి గారికి,
ఎగ్జిక్యూటివ్, ప్యాకింగ్ రికార్డులు.

నమస్కారం.

మీరు జులై 7న అంతర్గత కమిటీకి ఫిర్యాదు ఇచ్చారు. 9వ తేదీన తాత్కాలిక రక్షణ కోరుతూ అర్జీ పెట్టారు. దానిపై కమిటీ తన సిఫార్సులను 11న మాకు పంపింది. పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే పోష్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం వాటిని అమలు చేయడం యాజమాన్యం బాధ్యత. ఈ కింది ఏర్పాట్లు రేపు, మంగళవారం ఉదయం నుంచి అమల్లోకి వస్తాయి. మీరు తెలుగులో రాశారు కాబట్టి మేమూ తెలుగులోనే రాస్తున్నాం. గోప్యత కోసం ప్రతివాది పేరు ఇందులో రాయలేదు.

ముందుగా సీటు సంగతి. షిఫ్ట్ ఇన్‌చార్జి క్యాబిన్ ఎదురుగా ఉన్న మీ టేబుల్‌ను రెండో అంతస్తులో క్యూఏ డాక్యుమెంటేషన్ గదికి మారుస్తున్నాం. కిటికీ పక్క సీటు, మీ కంప్యూటరే, తాళం ఉన్న అల్మరా. ఆ గదిలోకి వెళ్లేందుకు ప్రతివాది కార్డుకు అనుమతి తీసేశాం. నిజానికి ఇలాంటప్పుడు కదలాల్సింది ఫిర్యాదు చేసినవారు కాదన్నది మా అభిప్రాయం. ఆ ఫ్లోర్‌లో కూర్చోవడమే కష్టంగా ఉందని మీరు అర్జీలో రాశారు కాబట్టే ఇలా చేశాం. తర్వాత మీ మనసు మారితే చెప్పండి, మీ పాత సీటు ఎవరికీ ఇవ్వం.

రేపటి నుంచి మీరు ప్లానింగ్ మేనేజర్ రమాదేవి గారికి రిపోర్ట్ చేస్తారు. సెలవులు, ఓటీ, షిఫ్ట్ రోస్టర్, అక్టోబర్‌లో వచ్చే అర్ధ సంవత్సర అప్రైజల్ అన్నీ ఆమె చేతుల్లోనే ఉంటాయి. మీ పనితీరు గురించి ప్రతివాది రాయకూడదు, అభిప్రాయం చెప్పకూడదు. హాజరు సాఫ్ట్‌వేర్‌లో ఆమోదించే వ్యక్తి పేరు ఈ రోజే మార్చాం. ఆయన దగ్గర పెండింగ్‌లో ఉన్న మీ జూన్ ఓటీ 11 గంటలనూ రమాదేవి గారే చూసి జీతంలో కలిపిస్తారు. ఆమెకు మీ ఫిర్యాదు వివరాలు చెప్పలేదు, రిపోర్టింగ్ మారిందని మాత్రమే తెలుసు. మిగతావాళ్లకు కూడా పని సర్దుబాటు అనే చెప్పాం.

మీకు జనరల్ షిఫ్ట్ ఇస్తున్నాం. ప్రతివాది బి షిఫ్ట్‌లో ఉంటారు. షిఫ్ట్ మారడంవల్ల మీకు అలవెన్సు పోకూడదు కదా, అందుకే గత మూడు నెలల సగటును నెలనెలా చెల్లిస్తాం. ఆయన అడ్మిన్‌గా ఉన్న వాట్సాప్ గ్రూపులో మీరు ఉండనక్కర్లేదు, రోస్టర్ మీకు విడిగా వస్తుంది. షిఫ్టులు మారే సమయంలో గేటు దగ్గర ఎదురుపడే అవకాశం ఉంది. ఆ అరగంట అక్కడ మహిళా సెక్యూరిటీ గార్డు ఉంటారు.

ఆయనను యూనిట్‌లోకే రానివ్వవద్దని మీరు కోరారు. కమిటీ దాన్ని సిఫార్సు చేయలేదు. ఇప్పటి ఏర్పాట్లు చాలవని మీకు అనిపిస్తే కారణాలు రాసి కమిటీకి మళ్లీ అర్జీ పెట్టుకోవచ్చు. మీ మామూలు సెలవులు కాకుండా అదనంగా మూడు నెలల వరకు సెలవు ఇవ్వమని సిఫార్సు చేసే అధికారం కమిటీకి ఉంది. కావాలంటే అదీ అడగవచ్చు, ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు.

మీతో నేరుగాగానీ, వేరొకరి ద్వారాగానీ మాట్లాడకూడదని, ఫోన్, మెసేజ్ చేయకూడదని ప్రతివాదికి రాతపూర్వకంగా చెప్పి సంతకం తీసుకున్నాం. "రాజీ పడమ్మా" అని ఎవరైనా సహోద్యోగి వచ్చి నచ్చజెప్పినా అది ఈ ఆదేశాన్ని మీరినట్టే. తేదీ, సమయం రాసుకుని, మెసేజ్ అయితే చెరిపేయకుండా నాకు చెప్పండి. ఇంటర్‌కామ్ 214, రాత్రయినా ఫర్వాలేదు, గేటు ఆఫీసు నుంచి నాకు కలుపుతారు.

ఈ ఏర్పాట్లు ఎవరి తప్పునూ తేల్చినట్టు కాదు. అది కమిటీ పని, విచారణ 90 రోజుల్లో పూర్తి కావాలి. ఫిర్యాదు విషయాలు బయటపెట్టకూడదని చట్టం 16వ సెక్షన్ చెబుతోంది, అది మాకూ వర్తిస్తుంది. అలాగని మీ ఇంట్లోవాళ్లతోనో, డాక్టర్‌తోనో చెప్పుకోవద్దని మేం అనడం లేదు. పోలీసులకు ఫిర్యాదు చేయదలిస్తే విచారణ అయ్యేదాకా ఆగక్కర్లేదు, అవసరమైన సాయం మేం చేస్తాం.

ఒక పొరపాటు మాది. 8వ తేదీన సీటు మారుస్తామని నోటిమాటగా చెప్పి, వారం గడిచేదాకా మార్చలేదు. అక్కడ కూర్చోవడం ఎంత కష్టంగా ఉందో మీరు అర్జీలో రాసినా ఆలస్యం చేశాం. క్షమించండి.

ఈ లేఖ రెండో ప్రతిపై సంతకం చేసి నాకే ఇవ్వండి. లేఖ అందిందని చెప్పడానికే ఆ సంతకం, అన్నిటికీ ఒప్పుకున్నట్టు కాదు. రేపు 9 గంటలకు మెట్ల దగ్గర ఉంటాను, కొత్త సీటుకు కలిసి వెళ్దాం.

ఇట్లు,
పద్మజ
మేనేజర్, మానవ వనరులు

ప్రతి: అంతర్గత కమిటీ ప్రిసైడింగ్ ఆఫీసర్‌కు, సిఫార్సుల అమలు నివేదికతో