నిన్నటి వడ్ల సెంటర్ మీటింగు: రాలేకపోయిన ముగ్గురికి

యాదమ్మక్కా, సైదులన్నా, స్వప్నా, నిన్న (2025 అక్టోబర్ 22, బుధవారం) మీటింగు రెండున్నర గంటలు నడిచింది. మినిట్స్ తొమ్మిది పేజీలు. అందులో సగం పోయిన సీజన్ గొడవలే, అవి వదిలేసి మీకు పని పడే సంగతులే రాస్తున్న.

సెంటర్ 29న, బుధవారం తెరుస్తున్నం. పాత స్కూలు పక్కన జాగాలోనే. చదును చేయించే పని అధ్యక్షురాలు తీసుకున్నరు, 27 సాయంత్రానికి అయిపోవాలె.

ఎక్కువసేపు మాట్లాడింది తేమ మిషన్ల గురించే. అధ్యక్షురాలు ఇంటి నుంచి దోసెడు వడ్లు తెచ్చి రెండు మిషన్లలో పెట్టి చూపించిన్రు. ఒకటి 16.8 అన్నది, ఇంకొకటి 18.3. హద్దు 17 శాతం కాబట్టి ఒకే కుప్ప ఒక మిషన్ దగ్గర పాసు, ఇంకో దాని దగ్గర ఫెయిలు! పోయినసారి రైతులు మన మీద ఎందుకు లేచిన్రో అప్పుడు అర్థమైంది. సైదులన్నా, ఈ పని నీది. రెండు మిషన్లూ 25 లోపు ఏఈఓ దగ్గరికి తీస్కపోయి సరి చూపించాలె. తేడా పోకుంటే ఒక్కదాంతోనే నడిపిద్దామని తీర్మానం. నువ్వు లేకుండా నీ పేరు రాసినం, కుదరకపోతే ఈ రాత్రికే చెప్పు, నేను పోత.

సన్నాలు, దొడ్డు వడ్లు వేరు వేరు కుప్పలు. సన్నాలకు క్వింటాలుకు 500 బోనస్ ఉంది కాబట్టి కలిస్తే లొల్లి మనకే. ఏ కుప్ప ఏ రకమో చీటీ పెట్టడం, రిజిస్టర్‌లో ఎక్కించడం స్వప్న పని, మొదటి రోజు నుంచే. గ్రేడ్-ఏ వడ్లకు మద్దతు ధర 2,389 రూపాయలని పెద్దక్షరాల బోర్డు కూడా 28కల్లా నువ్వే రాయాలె, నీ దస్తూరి బాగుంటది.

తరుగు పేరుతో ఒక్క కిలో కూడా తీయొద్దు. ఇందులో ఎవరూ ఎదురు మాట్లాడలేదు. మిల్లు వాళ్లు అడిగితే కాగితం మీద రాసియ్యమందాం.

యాదమ్మక్కా, పరదాలు మీ దగ్గరున్నవి 20 కదా. అందులో చిరిగినవి ఎన్నో లెక్క 26 లోపు నాకు చెప్పున్రి. కొత్తవి ఎన్ని కావాల్నో ఆ లెక్క చూసే మండల ఆఫీసులో అడుగుత. పోయిన ఏడు వాన పడ్డ రాత్రి మీరు పడ్డ పాటు అందరూ యాది చేసుకున్నరు.

హమాలీల రేటు తేలలేదు. వాళ్లు ఎక్కువ అడుగుతున్నరు, మనం పోయినసారి రేటే అంటున్నం. శుక్రవారం పొద్దుగాల 8 గంటలకు పంచాయతీ దగ్గర వాళ్లనే కూర్చోబెట్టి మాట్లాడుతం. ముగ్గురిలో కనీసం ఇద్దరు రావాలె, లేకుంటే సంతకాలు చాలవు.