బ్రాండ్ ఆడిట్ నివేదిక: విస్తరణకు ముందు మీ నారాయణగూడ మిఠాయి దుకాణం

గౌరవనీయులైన అన్నదమ్ములిద్దరికీ,

కూకట్‌పల్లిలో రెండో దుకాణం తెరవాలనీ, ఆపై నగరమంతటా ఫ్రాంచైజీలు ఇవ్వాలనీ మీరు చేస్తున్న ఆలోచన మీద అభిప్రాయం కోరారు. దుకాణంలోనూ వంటశాలలోనూ చూసినవి, కౌంటర్ దగ్గర కొనుగోలుదారులతో మాట్లాడినప్పుడు విన్నవి, మీరు చూపిన బిల్లులు, డబ్బాలు, లైసెన్సు కాగితాలు ఈ నివేదికకు ఆధారం. మా నిర్ణయం ముందే చెబుతున్నాము. రెండో దుకాణానికి మీకు అర్హత ఉంది. అయితే పేరు ఎవరిదో కాగితం మీద తేలకుండా అద్దె ఒప్పందం మీద సంతకం చేయవద్దు. ఫ్రాంచైజీల ఆలోచనను ప్రస్తుతానికి పూర్తిగా పక్కన పెట్టండి.

జనం మిమ్మల్ని దేనితో గుర్తుపడుతున్నారు

మీ షోకేసులో పాల మిఠాయిలకు, బెంగాలీ మిఠాయిలకు ముందు వరుస ఇచ్చారు. అరిసెలు, సున్నుండలు, తొక్కుడు లడ్డూ, కాజాలు వెనక ట్రేలలో ఉన్నాయి. మేము మాట్లాడిన పాత ఖాతాదారులలో ఎక్కువమంది మాత్రం ఆ వెనక ట్రేల కోసమే వస్తున్నారు. అమ్మాయి సారె అనగానే, సంక్రాంతి అనగానే వారికి మీ దుకాణం గుర్తుకు వస్తోంది. కలాకంద్ ఏ వీధిలోనైనా దొరుకుతుంది, కానీ కొరికితే విరగకుండా, సాగకుండా ఉండే అరిసె నగరంలో కొద్దిచోట్లే దొరుకుతుంది. మీ బలం అక్కడ ఉంది.

ఆ బలం ఎలా తయారవుతోందో వంటశాలలో చూశాము. పెద్ద మాస్టర్ గారు బెల్లం పాకాన్ని గరిటెతో తీసి, పళ్ళెంలోని చన్నీళ్ళలో ఒక చుక్క వేసి, వేళ్ళతో ఉండ చేసి చూస్తారు. ఉండ మెత్తగా నిలిస్తేనే తడి బియ్యప్పిండి పోయిస్తారు. బెల్లం కొత్తదా పాతదా అన్నదాన్ని బట్టి పొయ్యి మీద ఉంచే సమయం మారుతుంది. ఆ లెక్క ఎక్కడా రాసి లేదు, ఆయన చేతిలోనే ఉంది. ఆయన సెలవు పెట్టిన రోజుల్లో అరిసెలు చేయకుండా ఆపుతున్నామని మీరే చెప్పారు. నాణ్యత విషయంలో ఇంత పట్టుదల మెచ్చుకోదగినది. కానీ ఒక మనిషి సెలవుతో ఆగిపోయే సరుకును ఆధారం చేసుకుని ఫ్రాంచైజీ ఇవ్వడం కుదరదు. ఈ కారణం ఒక్కటే చాలు.

కౌంటర్ దగ్గర మరొక సంగతి గమనించాము. మీ గుమాస్తాలు ఖాళీ డబ్బాను ముందు కాటా మీద పెట్టి, అంకెను సున్నా చేసిన తరువాతే మిఠాయి తూస్తున్నారు. అట్ట బరువుకు మిఠాయి ధర కట్టించుకోకపోవడం చట్టప్రకారం అందరూ చేయవలసిన పనే అయినా, మీ దగ్గర అది ఎవరూ చెప్పనక్కరలేని అలవాటుగా ఉంది. ఒక పెద్దావిడ తన కోడలికి ఆ కాటానే చూపించి మీ దుకాణాన్ని పరిచయం చేశారు. కొత్త దుకాణంలో కాటా కొనుగోలుదారు వైపుకు తిరిగి ఉండాలి.

పేరు ఎవరిది

అన్నిటికంటే బరువైన సమస్య ఇదే. తాతగారి పేరుతోనే మీ బాబాయి గారి కుటుంబం దిల్‌సుఖ్‌నగర్‌లో వేరే దుకాణం నడుపుతోంది. ఆన్‌లైన్ మ్యాప్‌లో రెండు దుకాణాలూ ఒకే పేరుతో కనిపిస్తున్నాయి, ఆ దుకాణం మీద వచ్చిన ఫిర్యాదులు కొన్ని మీ పేజీ కింద చేరాయి. మీ బోర్డు మీద, డబ్బా మీద, బిల్లు మీద ఇంగ్లీషు స్పెల్లింగ్ మూడు రకాలుగా ఉంది. ఇన్ని దశాబ్దాలలో ఎవరూ పేరును రిజిస్టర్ చేయించలేదు.

1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టంలోని 34వ సెక్షన్ ముందునుంచీ వాడుతున్నవారికి రక్షణ ఇస్తుంది. అయితే ఇక్కడ రెండు కుటుంబాలూ ఒకే తాతగారి వాడకం నుంచి హక్కు చెప్పుకోగలవు గనుక ఆ సెక్షన్‌తో మీ సమస్య తీరదు. బాబాయి గారితో కూర్చుని, ఎవరు ఏ ప్రాంతంలో, ఏ గుర్తుతో వాడుకోవాలో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవడం మొదటి పని. ఆ తరువాత మిఠాయిలకు 30వ తరగతిలో, దుకాణం సేవలకు 35వ తరగతిలో దరఖాస్తు చేయాలి. రిజిస్ట్రేషన్ పదేళ్ళు చెల్లుతుంది, తిరిగి పొడిగించుకోవచ్చు. పెద్దలు మాటమీద నడిచినప్పుడే ఈ ఒప్పందం సులువు, కాబట్టి పిల్లల తరానికి వదిలిపెట్టవద్దని మా గట్టి మనవి.

మీరు చెబుతున్నవి, అమ్ముతున్నవి

బోర్డు మీద "అన్నీ స్వచ్ఛమైన నేతి మిఠాయిలే" అని ఉంది. సున్నుండలు, మైసూర్‌పాక్ విషయంలో అది నూటికి నూరుపాళ్ళు నిజం. కానీ బూందీని నూనెలో వేయిస్తున్నారు. దాన్ని మీరు దాచడం లేదు, అడిగినవారికి చెబుతున్నారు. అయినా బోర్డు మీది మాట అలాగే ఉంటే, తప్పుదారి పట్టించే ప్రకటనగా ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలోని 53వ సెక్షన్ దానికి పది లక్షల రూపాయల వరకు జరిమానా విధిస్తుంది. "అన్నీ" అన్న మాట తీసేసి, నేతివి ఏవో, నూనెవి ఏవో ట్రేకు ట్రేకు రాయండి.

బందరు లడ్డూ సంగతి కూడా సరిచేయవలసిందే. దానికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. మీరు దాన్ని నారాయణగూడలోనే తయారు చేస్తున్నారు కనుక ఆ ఊరి పేరుతో అమ్మడం సరికాదు. తొక్కుడు లడ్డూ అనే పేరు మన ఇళ్ళలో ఉండనే ఉంది, దాన్నే వాడండి. పూతరేకులు నేరుగా ఆత్రేయపురం నుంచే తెప్పిస్తున్నారు కాబట్టి ఆ ఊరి పేరు ధైర్యంగా రాయవచ్చు, సరఫరాదారు బిల్లులు మాత్రం జాగ్రత్త చేయండి.

విడిగా అమ్మే మిఠాయిల ట్రేల మీద ఏ తేదీలోపు తినాలో చూపడం 2020 అక్టోబర్ 1 నుంచి తప్పనిసరి అయింది. మీ ముందు వరుసలో తేదీలు ఉన్నాయి, వెనక వరుసలో లేవు.

కూకట్‌పల్లి దుకాణం

మీ పాత ఖాతాదారుల పిల్లలు చాలామంది అటువైపు స్థిరపడ్డారు, పండుగకు ఇంత దూరం వచ్చి కొనుక్కెళ్తున్నారు. చోటు ఎంపిక సరైనదే. అక్కడ వంటశాల పెట్టవద్దు. నారాయణగూడలో చేసి తెల్లవారుజామున వ్యానులో పంపగల సరుకుతోనే మొదలుపెట్టండి. అరిసెలు, సున్నుండలు, కాజాలు, గవ్వలు ప్రయాణానికి తట్టుకుంటాయి, పాల మిఠాయిలు ఎండాకాలంలో తట్టుకోవు. అద్దాల షోరూము, కేకుల కౌంటరు అవసరం లేదు. ఆకుపచ్చ డబ్బాను మార్చాలన్న డిజైనర్ సలహాను తిరస్కరించండి, ఎందుకంటే జనం మీ పేరు చదవకముందే దాన్ని చూసి మీదేనని అంటున్నారు. స్పెల్లింగ్ ఒక్కటి సరిచేస్తే చాలు. ఆహార లైసెన్సు ప్రతి చిరునామాకూ విడిగా తీసుకోవాలి.

ఈలోగా మాస్టర్ గారి పక్కన ఇద్దరు కుర్రవాళ్ళను స్థిరంగా నిలపండి. బెల్లం రకం, పాకం సమయం, పిండి తడి ప్రతి వాయికీ పుస్తకంలో రాయించండి. వారిద్దరూ చేసిన అరిసెలను పాత ఖాతాదారులు తేడా పట్టలేని రోజున రెండో దుకాణం తెరవవచ్చు. మాస్టర్ గారికి ఈ పని ఎందుకో మీరే స్వయంగా చెప్పండి, ఆయన గౌరవానికీ జీతానికీ తగిన ఏర్పాటు చేయండి.

శ్రావణ మాసం ఆర్డర్లు మొదలయ్యేలోగా బాబాయి గారితో సమావేశం జరగాలి. ఒప్పందం ముసాయిదాకు ట్రేడ్ మార్కుల న్యాయవాదిని పెట్టుకోండి. తాతగారి కాలం నాటి బిల్లు పుస్తకాలు, పాత లైసెన్సులు, మొదటి బోర్డు ఫోటో మీ అటక మీద ఉన్నాయన్నారు. దరఖాస్తులో వాడకం తేదీని రుజువు చేసేవి అవే కాబట్టి, వాటిని దింపించి నకళ్ళు తీయించి మాకు పంపగలరు.