సంబల్‌పూర్ వెళ్తున్న మా మేనేజర్ గారికి

గౌరవనీయులైన మేనేజర్ గారికి,

గ్రామైక్య సంఘం సభ్యులందరి తరఫున నమస్కారాలు.

మీకు బదిలీ అయిందని సోమవారం సంతలో విన్నాను. నమ్మబుద్ధి కాక సంచీ అక్కడే వదిలి బ్యాంకుకు వచ్చాను. "అవునమ్మా, సంబల్‌పూర్‌కు ఇచ్చారు. మా అమ్మకు దగ్గరగా ఉంటాను" అన్నారు మీరు. మీ అమ్మగారికి ఒంట్లో బాగుండడం లేదని మాకు తెలుసు. అందుకే ఊరుకున్నాం. లేకపోతే ఈ బదిలీ ఆపమని పన్నెండు సంఘాలూ కలిసి పైఅధికారులకు అర్జీ పెట్టుకునేవాళ్లం.

మీరు 2022 జూన్‌లో వచ్చారు. అప్పటికి మీకు తెలిసిన తెలుగు 'నమస్కారం', 'కూర్చోండి' మాత్రమే. ఆ రెండో మాటే మాకు కొత్త. అంతకుముందు బ్యాంకులో మమ్మల్ని కూర్చోమన్నవారు లేరు. మీ బల్ల మీద ఒక చిన్న నోటుపుస్తకం ఉండేది. మేము మాట్లాడుతుంటే మధ్యలో ఆపి, "ఆ మాట మళ్లీ చెప్పండి" అని ఒడియా అక్షరాల్లో రాసుకునేవారు. కౌలు, తాకట్టు, బాకీ, హామీ, చేబదులు. ఏడాది తిరిగేసరికి మా అత్తగారితో కంది ధర గురించి మాట్లాడగలిగారు. మా భాష రాకపోయినా మీకు ఉద్యోగం నడిచేది. మా మాట మా నోటితోనే వినాలని నేర్చుకున్నారు.

మా ఊరి సంగతి మీరు చూశారు. వానాకాలం పంట ఇంటికి రాగానే సగం ఇళ్లకు తాళాలు పడతాయి. ముంబై, పుణే పనులకు వెళ్లినవాళ్లు మళ్లీ తొలకరికి గానీ రారు. పంట రుణం గడువు మాత్రం వాళ్లు ఊళ్లో లేనప్పుడే వస్తుంది. గడువులోపల కడితే మూడు లక్షల వరకు ఏడు శాతం వడ్డీలో మూడు శాతం తగ్గుతుందని, ఒక్కరోజు దాటినా ఆ తగ్గింపు పోతుందని మాకు ఎవరూ విడమరిచి చెప్పలేదు. మీరు ఊళ్లో చాటింపు వేయించారు. అది చాలదని గడువు దగ్గరపడిన వారి జాబితా పట్టుకుని, పుణేలో ఉన్నవాళ్లకు మీరే ఫోను చేశారు. ఎన్నో ఏళ్లుగా ఏడు శాతమే కడుతూ వచ్చిన మా బావగారు ఆ ఏడాది మొదటిసారి నాలుగు శాతం కట్టారు.

మా వీధి చివరి ఇంటి కోడలి విషయం ఇక్కడ రాయకుండా ఉండలేను. పుణేలో కట్టడం మీది నుంచి పడి ఆమె భర్త చనిపోయాడు. నెల మాసికం అయ్యాక ఆమె చంటిబిడ్డను ఎత్తుకుని, నన్ను తోడు తీసుకుని మీ దగ్గరికి వచ్చింది. అతని ఖాతా మూసేసి అందులో ఉన్న రెండువేల చిల్లర ఇప్పించమని అడగడానికే వచ్చింది. మీరు పాసుపుస్తకం తీసుకుని యంత్రంలో పెట్టి ముద్ర వేయించారు. తరువాత వేలు పెట్టి ఒక్కో వరుసా చదవడం మొదలుపెట్టారు. మే నెల దగ్గర మీ వేలు ఆగింది. ఒక వరుసలో 436 రూపాయలు, దాని కిందే 20 రూపాయలు. మీరు ఆ పుస్తకాన్ని మా వైపు తిప్పి, "అమ్మా, ఇవి రెండూ బీమా డబ్బులు. ఇతను కట్టాడు. ఒక్కోదానికి రెండు లక్షలు మీకు రావాలి" అన్నారు.

ఆమెకు అర్థం కాలేదు. నాకూ కాలేదు. మీరు మూడుసార్లు చెప్పారు.

ఆ తరువాత ఐదు నెలలు ఆ కాగితాల కోసం మీరు పడిన శ్రమ నేను కళ్లారా చూశాను. మరణ ధ్రువపత్రం, పోలీసుల కాగితాలు, శవపరీక్ష నివేదిక అన్నీ మరాఠీలో వచ్చాయి. పుణేలో మీతో కలిసి పనిచేసిన ఒక అధికారికి ఫోను చేసి వాటిని చదివించుకున్నారు. ఒక పత్రంలో పేరు తప్పు పడితే సరిచేయించేదాకా వదల్లేదు. డబ్బు పడిన రోజు ఆమెను పిలిపించి, "ఎవరు అడిగినా అప్పివ్వకండి" అని, మూడు లక్షలు పిల్లవాడి పేరున డిపాజిట్ చేయించారు. ఆమె ఇప్పుడు రెండు గేదెలు పెట్టుకుని పాలు పోస్తోంది. పనికి పుణే వెళ్లలేదు. ఈ ఉత్తరంలో తన మాట కూడా రాయమంది: "సారు ఆ పుస్తకం చదవకపోతే నాకు తెలిసేదే కాదు."

అప్పటి నుంచే మా సమావేశాల్లో పాసుపుస్తకాలు తెచ్చి చదువుకోవడం మొదలైంది. మీరే ఒక శనివారం వచ్చి నేర్పారు. ఏ కాగితం మీదా చదవకుండా సంతకం పెట్టవద్దన్నారు, అది మీరిచ్చిన కాగితమైనా సరే. సంఘం రుణం పది లక్షల లోపు ఉంటే పూచీ అడగకూడదని, మా పొదుపు డబ్బును పట్టి ఉంచకూడదని కూడా మీరే చెప్పారు. బ్యాంకువాళ్లను ఏమి అడగవచ్చో బ్యాంకు మేనేజరే వచ్చి మాకు చెప్పడం మేము ఎన్నడూ ఎరగం.

మీరు కాదన్నవీ ఉన్నాయి. మా తమ్ముడికి ట్రాక్టరు రుణం ఇవ్వనన్నప్పుడు నేను మీ గదిలోకి వచ్చి గట్టిగా మాట్లాడాను. బయట క్యూలో ఉన్నవాళ్లంతా విన్నారు. మీరు గొంతు పెంచలేదు. పాత బాకీ ఎంత ఉందో, ఏడాదికి ఎంత కిస్తీ పడుతుందో, రెండెకరాల మీద ఎంత రాబడి వస్తుందో కాగితం మీద వేసి నా ముందుంచారు. ఆ కాగితం ఇంటికి తీసుకెళ్లి తమ్ముడికి చూపించాను. వాడు పాత బాకీ తీర్చుకున్నాడు. ఇప్పుడు అద్దె ట్రాక్టరుతోనే దున్నించుకుంటున్నాడు, అప్పు లేకుండా ఉన్నాడు. ఆ రోజు మాట తూలినందుకు మీకు క్షమాపణ చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. ఇప్పుడు అందరి ముందూ చెబుతున్నాను.

మా ఊరి పెద్ద పంతులుగారు ఆసుపత్రి నుంచి రాలేక, తన కృతజ్ఞతలు చెప్పమన్నారు. పోలీసులమంటూ ఎవరో వీడియో కాల్‌లో బెదిరిస్తే, ఆయన చెవి దగ్గర ఫోను పెట్టుకునే డిపాజిట్ రద్దు చేయించడానికి వచ్చారు. మీరు ఆయన చెయ్యి వణకడం గమనించి, ఫోను తీసుకుని ఆపేసి, మంచినీళ్లు ఇచ్చి, ఫోనులో అరెస్టు చేయడమనేది చట్టంలో లేదని చెప్పి సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫిర్యాదు చేయించారు. ఆయన జీవితకాలపు పొదుపు నిలిచింది.

ఈ ఉత్తరంతో పాటు ఒక నారాయణపేట చీర ఉంది. మీ అమ్మగారికి. మీ దగ్గర సంబల్‌పురి నేత ఎంత గొప్పదో మీరు ఫోనులో చూపించారు కదా, మా మగ్గం పని కూడా ఆమె ఒకసారి కట్టి చూడాలి. చిన్న గళ్లు, గుడి అంచు. మూడు గజాల దూరం నుంచి చూసినా మా ఊరిదని తెలుస్తుంది. రుణం తీసుకున్నవారి దగ్గర మీరు బహుమతి పుచ్చుకోరని తెలుసు. అందుకే ఇది తలా పది రూపాయలు వేసుకుని కొన్నాం, లెక్క మినిట్స్ పుస్తకంలో రాసుకున్నాం. కాదనవద్దు.

శుక్రవారం సాయంత్రం ఆరుకు మీ బస్సు. మేమంతా బస్టాండుకు వస్తాం. పాలు పోసే వేళ కాబట్టి చివరి ఇంటి కోడలు కొంచెం ఆలస్యంగా వస్తుంది, ఆమె వచ్చేదాకా బస్సు ఎక్కకండి.

కింద 124 సంతకాలు ఉన్నాయి. మీరు వచ్చినప్పుడు మాలో సగానికి పైగా వేలిముద్ర వేసేవాళ్లమే. ఇప్పుడు మా అత్తగారు ఒక్కరే వేలిముద్ర వేశారు. ఉత్తరమంతా నాతో రెండుసార్లు చదివించుకున్నాకే వేశారు.

ఇట్లు,
గ్రామైక్య సంఘం సభ్యులందరి తరఫున,
అధ్యక్షురాలు