తెలుగు మాట్లాడతాం కానీ చదవలేం అనేవాళ్లకి ఆన్‌లైన్ వర్క్‌షాప్ – 2026 మే 10

ఆదివారం సాయంత్రం 4 నుంచి 6 వరకు, జూమ్‌లో లైవ్. ఫీజు లేదు, రికార్డింగ్ ఉండదు.

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు ఇంట్లో తెలుగే మాట్లాడుతూ ఒడియా మీడియంలో చదువుకున్న పెద్దవాళ్ల కోసం ఇది. తెలుగు అక్షరం ఒక్కటీ రాకపోయినా ఫర్వాలేదు, ఒడియా చదవడం వస్తే చాలు, ఆ అక్షరాల పక్కన పెట్టే నేర్పుతాం. ఎక్కువసేపు ఎ, ఏ, ఒ, ఓల మీదే ఉంటాం, ఎందుకంటే ఒడియా లిపిలో వీటికి పొట్టి పొడుగు తేడా లేదు, అందుకే చాలామంది కోడిని కొడి అని రాసేస్తారు. ఒత్తులు కొన్నే చూస్తాం.

నోట్‌బుక్, పెన్ను దగ్గర పెట్టుకోండి, చేత్తోనే రాయాలి. ప్రతి ఒక్కరి రాతా చూసి దిద్దాలి కాబట్టి 30 మందికే చోటు. పిల్లల్ని మాత్రం ఈసారి కూర్చోబెట్టకండి. మే 7 లోపు పేరు ఇవ్వండి, లింక్ ముందురోజు వాట్సాప్‌లో పంపుతాం.