గుంటూరులో కొత్త పట్టభద్రులకు ఉద్యోగాలు: ‘టిక్కీలెక్క’కు నలుగురు కావాలి

గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలలో రైతులు, వ్యాపారులు నిల్వ చేసే మిర్చి టిక్కీల, అంటే బస్తాల లెక్కలను సెల్‌ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ నిర్వహించే సాఫ్ట్‌వేర్‌ను మా సంస్థ తయారు చేస్తోంది. బ్రాడీపేటలో ఒక అంతస్తు అద్దెకు తీసుకుని, ప్రస్తుతం తొమ్మిది మందిమి పని చేస్తున్నాము. ఇప్పుడు ఇద్దరు జూనియర్ సాఫ్ట్‌వేర్ డెవలపర్లను, ఇద్దరు ఫీల్డ్ అసోసియేట్లను నియమించుకోదలచాము. 2025లో గానీ 2026లో గానీ డిగ్రీ పూర్తి చేసినవారు దరఖాస్తు చేసుకోవచ్చు. ఉద్యోగానుభవం అవసరం లేదు.

డెవలపర్ ఉద్యోగానికి బీటెక్, బీసీఏ, ఎంసీఏ, బీఎస్సీ కంప్యూటర్స్ చదివినవారు అర్హులు. మేము పైథాన్, జాంగో, పోస్ట్‌గ్రెస్ వాడుతున్నాము. వీటన్నింటిలో ఆరితేరి ఉండాలని ఆశించడం లేదు గానీ, ఏదైనా ఒక ప్రోగ్రామింగ్ భాషలో సొంతంగా రాసిన చిన్న ప్రోగ్రామ్ చూపించి, అందులో ప్రతి వరుస ఎందుకు ఉందో వివరించగలగాలి. చివరి ఏడాది ప్రాజెక్టును డబ్బిచ్చి కొనుక్కుని ఉంటే దయచేసి దానిని పంపవద్దు. రెండు ప్రశ్నలలో ఆ సంగతి తెలిసిపోతుంది.

ఫీల్డ్ అసోసియేట్ ఉద్యోగానికి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. కోల్డ్ స్టోరేజీకి వెళ్లి, అక్కడి గుమస్తాకు మా యాప్ నేర్పడం, పాత పుస్తకాలలోని బాండ్ల, అంటే సరకు నిల్వ చేసినందుకు ఇచ్చే రసీదుల వివరాలను యాప్‌లో ఎక్కించడం, అక్కడ ఎదురయ్యే ఇబ్బందులను డెవలపర్లకు స్పష్టంగా రాసి పంపడం ఈ ఉద్యోగి బాధ్యతలు. ముప్పై ఏళ్లుగా పుస్తకంలోనే లెక్క రాస్తున్న గుమస్తాకు మనకంటే ఆ పని బాగా తెలుసునన్న మర్యాదతో మాట్లాడగలిగినవారే ఇందులో రాణిస్తారు. తెలుగు చక్కగా రాయడం రావాలి; ద్విచక్ర వాహనం, లైసెన్సు ఉండాలి.

జీతం విషయంలో దాపరికం లేదు. డెవలపర్‌కు నెలకు 28,000 నుంచి 36,000 రూపాయలు, అంటే ఏడాదికి 3,36,000 నుంచి 4,32,000 రూపాయల వరకు చెల్లిస్తాము. ఫీల్డ్ అసోసియేట్‌కు నెలకు 22,000 నుంచి 28,000 రూపాయలు, అంటే ఏడాదికి 2,64,000 నుంచి 3,36,000 రూపాయలతో పాటు, తిరిగిన దూరాన్ని బట్టి పెట్రోలు ఖర్చు విడిగా ఉంటుంది. ఎవరికి ఎంత అన్నది పరీక్షలోనూ ఇంటర్వ్యూలోనూ చూపిన ప్రతిభను బట్టి నిర్ణయిస్తాము. కాలేజీ పేరుతోనూ మార్కుల శాతంతోనూ నిమిత్తం లేదు. ఈ మొత్తంలో వృత్తి పన్ను కింద నెలకు 200 రూపాయలు తగ్గుతాయి. మా ఉద్యోగుల సంఖ్య ఇరవైకి చేరలేదు కనుక ప్రావిడెంట్ ఫండ్ సదుపాయం ఇంకా లేదు. హైదరాబాద్‌లోని పెద్ద కంపెనీల ప్యాకేజీలతో మేము పోటీ పడలేము. అయితే ఇంటి నుంచి వచ్చి వెళ్లగలిగినవారు హాస్టల్ ఖర్చును కూడా లెక్కలో వేసుకుని పోల్చుకోవచ్చు.

శిక్షణ పేరుతో మొదటి నెలల్లో జీతం తగ్గించడం, డిపాజిట్ కట్టించుకోవడం, ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోవడం, రెండేళ్ల బాండు రాయించుకోవడం మా సంస్థలో లేవు. మా పేరు చెప్పి ఎవరైనా కన్సల్టెన్సీవారు ఫీజు అడిగితే ఇవ్వవద్దు.

ఆఫీసు సమయం ఉదయం తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరు వరకు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కొత్త సరకు వచ్చే కాలంలో శనివారాలూ పని ఉంటుంది, కొన్ని రోజులు రాత్రి ఎనిమిది కూడా దాటవచ్చు. దానికి బదులు సెలవులను వేసవిలో మిర్చి యార్డు మూసి ఉన్నప్పుడు ఇస్తాము. ఇంకొక ముఖ్య విషయం: డెవలపర్లు సైతం మొదటి రెండు వారాలు కోల్డ్ స్టోరేజీలోనే గడపాలి. మిర్చి ఘాటుకు తుమ్ములు, కళ్ల మంట తప్పవు కనుక ఉబ్బసం వంటి ఇబ్బంది ఉన్నవారు ముందుగా తెలియజేస్తే వేరే ఏర్పాటు చేస్తాము.

దరఖాస్తు చేయదలచినవారు ఒక పేజీ రెజ్యూమెతో పాటు ఈ ప్రశ్నకు తెలుగులో గానీ ఇంగ్లీషులో గానీ ఒక పేజీకి మించకుండా జవాబు రాయాలి. ఒక రైతు 120 టిక్కీల తేజ రకం మిర్చిని మార్చిలో నిల్వ చేసి, ఆ బాండు మీద బ్యాంకులో అప్పు తీసుకున్నాడు. జూలైలో బ్యాంకు అనుమతితో 50 టిక్కీలు బయటకు తీయగా, గుమస్తా పొరపాటున 60 అని నమోదు చేశాడు. మూడు రోజుల తరువాత ఆ తప్పు బయటపడింది. రైతు, బ్యాంకు, కోల్డ్ స్టోరేజీ యజమాని ముగ్గురికీ నమ్మకం కలిగేలా, పాత అంకెను చెరిపివేయకుండా ఆ లెక్కను ఎలా సరిదిద్దుతారు? డెవలపర్ అభ్యర్థులు ఇందుకు అవసరమైన టేబుళ్లను కూడా వివరించాలి. ఫీల్డ్ అభ్యర్థులు ఈ సంగతిని రైతుకు ఫోనులో ఎలా చెబుతారో రాయాలి.

రెజ్యూమెను, జవాబును పీడీఎఫ్ రూపంలో jobs@tikkilekka.in చిరునామాకు 2026 జూన్ 20 సాయంత్రం ఆరు గంటలలోగా పంపాలి. సబ్జెక్టు వరుసలో ఉద్యోగం పేరు, మీ ఊరి పేరు రాయండి. ఎంపిక కానివారితో సహా దరఖాస్తుదారులందరికీ జూన్ 25లోగా జవాబిస్తాము. ఎంపికైనవారికి జూన్ 27 శనివారం బ్రాడీపేట ఆఫీసులో గంటన్నర రాతపరీక్ష, అదే రోజు ఇంటర్వ్యూ ఉంటాయి. విజయవాడ, తెనాలి వంటి చోట్ల నుంచి వచ్చేవారికి బస్సు లేదా రైలు ఛార్జీ చెల్లిస్తాము. ఉద్యోగంలో చేరవలసిన తేదీ జూలై 6, సోమవారం.