లక్ష్మి 2 అక్షరాలా, 7 అక్షరాలా? తెలుగు కంప్యూటింగ్ సదస్సు నుంచి నేను తెచ్చుకున్న మూడు సంగతులు

శనివారం విజయవాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఆడిటోరియంలో జరిగిన తెలుగు కంప్యూటింగ్ సదస్సుకు వెళ్లొచ్చాను. రాసుకున్న నోట్సు తొమ్మిది పేజీలు, భోజనం కూపన్ వెనక ఇంకో నాలుగు లైన్లు. నిన్న రాత్రి కూర్చుని చదివితే సగం నాకే అర్థం కాలేదు. ఒకచోట "67??" అని రాసి చుట్టూ గుండ్రంగా గీశాను, అంతే, ముందూ వెనకా ఏమీ లేదు. అదేంటో గుర్తొచ్చాక మిగతావి కూడా ఒక దారికొచ్చాయి. స్పాన్సర్ల ప్రసంగాలు వదిలేస్తున్నాను, పులిహోర మాత్రం బాగుంది.

ఒకటి: మనం లెక్కపెట్టే అక్షరం వేరు, కోడ్ లెక్కపెట్టేది వేరు

పొద్దున మొదటి సెషన్‌లోనే స్క్రీన్ మీద ఇది వేశారు:

```
"లక్ష్మి".length   // 7
```

ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. మొత్తం ఏడు. పలక మీద రాసే పిల్లాడిని అడిగితే రెండే అంటాడు. పేరు పెట్టెలో నాలుగు దగ్గర కత్తిరిస్తే "లక్" అని, దాని కింద వేలాడుతూ ష వస్తుంది, అంటే "లక్ష". మనిషి కాస్తా అంకె అయిపోయింది, హాలంతా నవ్వింది, నేను నవ్వలేకపోయాను, ఎందుకంటే పోయినేడాది నేను రాసిన ఫారంలో ఇదే పని చేశాను. పైగా కొన్ని డేటాబేసుల్లో 20 అని పెడితే 20 బైట్లు. యూటీఎఫ్-8లో ఈ ఏడింట్లో ఒక్కోటి 3 బైట్లు కాబట్టి లక్ష్మికి 21 కావాలి. పట్టదు.

సరే, గ్రాఫీమ్ లెక్కన, అంటే కంటికి ఒక్కటిగా కనపడే ముక్క లెక్కన కోద్దాం అంటారా, నేనూ అదే అనుకున్నాను. అక్కడా ఒక మెలిక ఉంది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1కి ముందు ఆ నియమాలు క్ష్మిని మూడు ముక్కలు చేసేవి, తర్వాత అది ఒకటే ముక్క. అంటే ఒకే కోడ్ లక్ష్మిని పాత ఫోన్‌లో నాలుగు అంటుంది, కొత్త ఫోన్‌లో రెండు అంటుంది. పేర్లను అసలు కత్తిరించొద్దు, పెట్టెనే పెంచండి అని నేను తీసుకున్న నిర్ణయం, వక్త అంత గట్టిగా చెప్పలేదు.

ఈ సెషన్ ప్రశ్నల టైంలోనే ఒక ఆస్పత్రి రికార్డుల విభాగంలో పనిచేసే ఆవిడ లేచి అన్న మాట, నోట్సులో నేను రెండుసార్లు అండర్‌లైన్ చేసింది ఇదొక్కటే:

> "పుస్తకంలో ఒత్తు పోతే అచ్చుతప్పు అంటారండీ, మా దగ్గర చీటీలో ఒత్తు పోతే ఇంకో పేషెంట్ అంటారు."

రెండు: తెలుగు ఎస్ఎంఎస్‌కి 70 మాత్రమే

ఇంగ్లీష్‌లో ఒక మెసేజ్‌కి 160 పడతాయి, ఒక్క తెలుగు అక్షరం చేరినా మొత్తం 70కి పడిపోతుంది. 70 దాటితే ముక్కలవుతుంది, అప్పుడు ఒక్కో ముక్కలో 67 (ముక్కల్ని మళ్లీ అతికించే సమాచారానికి మిగతా చోటు పోతుంది). నా "67??" ఇదే. వాళ్లు చూపించిన నమూనా:

> రేపు ఉదయం 10 గంటలకు మీ అపాయింట్‌మెంట్ ఉంది. పాత రిపోర్టులు తీసుకురండి.

కోడ్ లెక్కన సరిగ్గా 70, నేను ఇంటికొచ్చి మళ్లీ లెక్కపెట్టాను. చివర ఇంకో చుక్క పెట్టినా రెండు మెసేజీల డబ్బులు. మర్యాదకి "నమస్కారం" చేర్చాలన్నా ఖర్చే మరి.

మూడు: కనపడని అక్షరం వెతుకులాటను చెడగొడుతుంది

పై మెసేజ్‌లో ట్‌కీ మెకీ మధ్య ఒక జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంది, మె పోయి ట కింద ఒత్తుగా చేరకుండా ఆపేది అదే. రాజ్‌కుమార్ అని ఒకరు దాంతో టైప్ చేస్తారు, ఇంకొకరు అది లేకుండా రాజ్కుమార్ అని కొడతారు, వెతికితే ఒకరికొకరు దొరకరు. వెతికేటప్పుడు వెతికే మాటలోంచీ, పోల్చే పేరు కాపీలోంచీ దాన్ని తీసేస్తే చాలు:

```
s.replace(/\u200C/g, "")
```

దాచుకున్న అసలు పేరులోంచి మాత్రం తీయకండి, చూపించేటప్పుడు అది కావాలి.

ఈ రోజు ఆఫీసులో మా కోడ్‌లో `.length` అని వెతికాను. పేర్ల మీద వాడినవి పదకొండు తేలాయి, మూడు సరిచేశాను.

ఇక ఐదో పేజీలో "తాత – కీబోర్డ్ – అడగాలి" అని ఉంది. ఎవర్ని, ఏమడగాలో నాకు బొత్తిగా గుర్తులేదు. మధ్యాహ్నం ఎడమవైపు మూడో వరుసలో కూర్చున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే కాస్త చెప్పండి.